మనం లేని గదిలో మన పేరు

సీనియర్ ఇంజనీరు దాటి స్టాఫ్, ప్రిన్సిపల్ స్థాయికి వెళ్లాలంటే చాలా కంపెనీల్లో మేనేజరు ఒక్కరి మాట చాలదు. నలుగురైదుగురు పెద్దలు కూర్చుని మాట్లాడతారు, మనం అక్కడ ఉండం. మన పేరు చదవగానే ‘ఆ సమస్య తీర్చింది ఆవిడే కదా’ అని ఒకరైనా అంటారా? పర్సనల్ బ్రాండింగ్‌లో అసలు సంగతి ఇదే. లింక్డ్‌ఇన్ పోస్టులు ఆ తర్వాతి మాట.

నాకు తెలిసిన ఒకావిడకు హైదరాబాద్‌లో పదకొండేళ్ల అనుభవం. పని దిట్టంగా చేస్తుంది. రెండేళ్లు వరుసగా ప్రమోషన్ రాలేదు. సెల్ఫ్ రివ్యూలో ఆవిడ రాసుకున్నది ‘పేమెంట్ సర్వీసు మీద పనిచేశాను’ అని. దాన్ని చదివి ఎవరైనా ఏం వాదిస్తారు?

మూడో ఏడాది ఒక చిక్కు వచ్చింది. నెట్‌వర్క్ నెమ్మదించినప్పుడు యాప్ మళ్లీ ప్రయత్నించేది, కస్టమరు డబ్బు రెండుసార్లు కట్ అయ్యేది. విరుగుడు కొత్తదేమీ కాదు. ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక కీ ఇస్తారు. అదే కీ రెండోసారి వస్తే సర్వర్ డబ్బు ముట్టుకోకుండా పాత జవాబే పంపుతుంది. దీన్ని ఐడెంపొటెన్సీ కీ అంటారు. ఈసారి ఆవిడ కోడ్‌కు ముందు రెండు పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాసింది. సమస్య ఏమిటి, ఆలోచించిన మూడు దారులేవి, రెండింటిని ఎందుకు వదిలేసింది, బెడిసికొడితే వెనక్కి ఎలా వెళ్లాలి, అన్నీ అందులో పెట్టింది. రీఫండ్ల టీమ్‌కూ, వాలెట్ టీమ్‌కూ పంపింది.

కీలను 24 గంటలే దాచితే చాలదని రీఫండ్ల టీమ్ కుర్రాడొకడు పట్టుకున్నాడు. క్యూలో ఆగిపోయిన కొన్ని ప్రయత్నాలు మర్నాడు వస్తాయట. ఆవిడ గడువును వారం రోజులకు పెంచి, ఆ సలహా ఎవరిదో డాక్యుమెంట్‌లోనే రాసింది. నన్నడిగితే ఆ ఒక్క వాక్యమే ఆవిడకు ఎక్కువ మేలు చేసింది. ఆ రెండు టీములూ అదే డిజైన్ వాడుకున్నాయి.

చేసిన పని మనకే గుర్తుండదు. అందుకే ప్రోగ్రామర్ జూలియా ఎవాన్స్ 2019లో ‘బ్రాగ్ డాక్యుమెంట్’ గురించి రాశారు. పేరుకు గొప్పలే గానీ, నిజానికి అది పద్దు పుస్తకం. రెండు వారాలకోసారి ఏం చేశాం, దానివల్ల ఏం మారింది, రుజువు ఎక్కడుంది అని నాలుగు లైన్లు రాసుకుంటే చాలు. కొత్తవాళ్లకు నేర్పడం, టీముల మధ్య చిక్కులు విప్పడం లాంటివి కూడా అందులో ఎక్కించాలి. కోడ్‌లో కనబడవు కాబట్టి అందరికన్నా ముందు మరుపున పడేవి అవే.

మన పేరు ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. సిస్టమ్ కూలాక అర్ధరాత్రి మాత్రమే ఫోన్ చేస్తున్నారంటే మనకు మంటలార్పేవాళ్లన్న పేరు పడిందన్నమాట. కట్టడానికి ముందే పక్క టీమ్‌వాళ్లు డిజైన్ చూడమని అడిగితే అది లీడర్ పేరు. ఆ ఏడాది ఆవిడను సమర్థిస్తూ వచ్చిన అభిప్రాయాల్లో రెండు, సొంత టీమ్ బయటివాళ్లు రాసినవి.