అలుగా, ఆర్మడిల్లోనా? ఫొటోలో గుర్తుపట్టడం ఇలా

నల్లమల అంచున ఉన్న ఒక ఊరి నుంచి మీ ఫోనుకు ఫొటో వచ్చిందనుకుందాం. టార్చిలైటు వెలుగులో, నేల మీద గోధుమరంగు ఉండ ఒకటి. తల కనిపించదు, కాళ్లు కనిపించవు. పైన ‘వింత జంతువు’ అని రాసి ఉంది. చూసినవాళ్లలో ఒకరు ముళ్లపంది అంటారు, ఇంకొకరు మొసలిపిల్ల అంటారు, టీవీలో అడవి కార్యక్రమాలు చూసే కుర్రాడు ఆర్మడిల్లో అంటాడు. అది అలుగు. ముఖం కూడా కనిపించని ఫొటోను పట్టుకుని ఆ మాట ఎలా చెప్పవచ్చో చూద్దాం.

ముందు తేల్చుకోవలసింది, ఒంటి మీద ఉన్నవి పొలుసులా, ముళ్లా అని. మన ఫొటోలో ఉన్నవి పొలుసులే. కాబట్టి ముళ్లపంది, హెడ్జ్‌హాగ్ రెండూ పక్కకు తప్పుకుంటాయి. మొసలి కూడా కాదు, అది ఇలా ఉండగా చుట్టుకోలేదు. ఇక మిగిలినవి అలుగు, ఆర్మడిల్లో.

ఇక్కడ ఫొటోను పెద్దది చేసి పొలుసుల అంచులు చూడాలి. అలుగు పొలుసు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతుంది. మొదలు చర్మంలో పాతుకుని ఉంటుంది, కొస విడిగా ఉంటుంది. పెంకుటింటి కప్పులాగా ఒక పొలుసు మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటుంది. అందుకే టార్చి పక్కనుంచి పడితే ప్రతి పొలుసు కింద సన్నని నీడ కనిపిస్తుంది. ఆర్మడిల్లో కవచం అలాంటిది కాదు. అది చర్మంలో ఏర్పడిన చిన్న చిన్న ఎముక పలకలతో కట్టిన డొప్ప, పైన పలుచని కొమ్ము పొర ఉంటుంది. పలకలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉంటాయే గాని మీదికి ఎక్కవు. భుజాల మీద ఒక డొప్ప, నడుము వెనక ఒక డొప్ప, రెండింటి మధ్య వీపుకు అడ్డంగా కొన్ని పట్టీలు. ఆ పట్టీల నడుమ మెత్తని చర్మం ఉండబట్టే అది ఒళ్లు వంచగలుగుతుంది. వీపు మీద అడ్డపట్టీలు ఉంటే ఆర్మడిల్లో. తల నుంచి తోక కొస దాకా విడివిడి పొలుసులు వరసలు కట్టి ఉంటే అలుగు.

రెండో సాక్ష్యం తోక. అలుగు తోక లావుగా, దాదాపు ఒంటితో సమానమైన వెడల్పుతో మొదలవుతుంది. పైనా కిందా పొలుసులే. ముడుచుకునేటప్పుడు తలను పొట్టలోకి దాచుకుని, ఈ తోకను పైనుంచి చుట్టేసుకుంటుంది. మన ఫొటోలో ఉండ చుట్టూ పట్టీలా తిరిగినది ఆ తోకే. ఆర్మడిల్లోలు సుమారు ఇరవై జాతులున్నా, పూర్తిగా ఉండలా మూసుకోగలిగినవి మూడు పట్టీల ఆర్మడిల్లోలు రెండు జాతులు మాత్రమే. 2014లో బ్రెజిల్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు చిహ్నంగా పెట్టుకున్నది వాటిలో ఒకదాన్నే. అది ముడుచుకుంటే నెత్తి మీది పలక, పొట్టి తోక పక్కపక్కన చేరి డొప్పల మధ్య సందును మూసేస్తాయి. చుట్టుకున్న తోక ఎక్కడా కనిపించదు. అమెరికాలోని టెక్సాస్ రోడ్ల పక్కన ఎక్కువగా కనిపించే తొమ్మిది పట్టీల ఆర్మడిల్లోకు ఇలా పూర్తిగా ముడుచుకోవడం రాదు. దాని నిలువు చెవులు కూడా మంచి గుర్తు. అలుగు చెవులు చాలా చిన్నవి.

మూడోది చోటు. సహజంగా ఆర్మడిల్లోలు ఉండేది అమెరికా ఖండాల్లోనే. అలుగులు ఆసియా, ఆఫ్రికాలలో ఉంటాయి. ఫొటో నల్లమలదని నిజంగా తెలిస్తే ఈ ఒక్క మాటతోనే తేలిపోతుంది. అయితే వాట్సాప్‌లో తిరిగే ఫొటోకు ఊరిపేరు ఎవరైనా తగిలించవచ్చు. అందుకే ముందు ఒంటిని చూసి, చోటును దానికి బలంగా వాడుకోవాలి.

ఉండ మీద పొలుసులకు బదులు ముళ్లు ఉంటే? మన దేశపు ముళ్లపంది, అంటే ఏదుపంది, బెదిరితే ముడుచుకోదు. ముళ్లు నిక్కబొడిచి, తోక దగ్గరి బోలు ముళ్లను గలగలలాడించి, వెనక్కి తిరిగి మీదికి వస్తుంది. ముళ్లను బాణాల్లా విసురుతుందన్నది నిజం కాదు. గట్టిగా తగిలితే అవి ఊడి గుచ్చుకుంటాయి. కాబట్టి మన ప్రాంతంలో ముళ్ల ఉండ కనిపిస్తే అది హెడ్జ్‌హాగ్. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళల్లోని ఎండు పొదల నేలల్లో దక్షిణ భారత హెడ్జ్‌హాగ్ ఉంది, అరచేతిలో పట్టేంత చిన్న ప్రాణి.

పొరబాటు ఎక్కువగా జరిగేది ముళ్లపంది పిల్ల దగ్గర. అదీ చిన్నదే, దాని ముళ్లూ పొట్టివే. అప్పుడు ముఖం చూడాలి. ముళ్లపంది ఎలుక జాతికి చేరిన జంతువు, మూతి మొద్దుగా ఉండి కొరికే ముందుపళ్లు ఉంటాయి. హెడ్జ్‌హాగ్ పురుగులు తినేది, మూతి సన్నగా ముందుకు సాగి ఉంటుంది. హెడ్జ్‌హాగ్ ముళ్లు వీపంతా ఇంచుమించు ఒకే పొడవులో ఉంటాయి. ముళ్లపందికి మెడ మీద జూలు, ముందు భాగంలో ముతక వెంట్రుకలు, వెనక నలుపు తెలుపు చారల పొడవాటి ముళ్లు.

ఈ నాలుగింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ముళ్లపందికి ఎలుకలు, ఉడతలు బంధువులు. హెడ్జ్‌హాగ్‌కు చుంచులు బంధువులు. ఆర్మడిల్లో స్లాత్‌ల వైపుది. అలుగుకు దగ్గరివి పిల్లులు, కుక్కలు ఉన్న మాంసాహారుల వర్గమని జన్యు పరిశోధనలు తేల్చాయి. నేల మీద మెల్లగా తిరుగుతూ ఆహారం వెతుక్కునే ప్రాణి వేటజంతువు నుంచి పరుగెత్తి తప్పించుకోలేదు. ఒంటినే కోటగా మార్చుకున్నది బతికింది. ఆ మార్పు వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా జరిగింది. మన కన్ను ముందు ఆ కోటనే చూసి అన్నిటినీ ఒక గాటన కట్టేస్తుంది. శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు అలుగునూ ఆర్మడిల్లోనూ ‘పళ్లు లేని జంతువులు’ అంటూ ఒకే గుంపులో పెట్టారు. నిజానికి అలుగుకు పళ్లు లేవు, ఆర్మడిల్లోకు ఉన్నాయి.

ఫొటో చెప్పలేనివీ ఉన్నాయి. పక్కన ఆకో చెప్పో లేకపోతే సైజు తెలియదు. అడవిలో పెట్టే ఆటోమేటిక్ కెమెరాల రాత్రి చిత్రాల్లో రంగు ఉండదు, కదిలే ముళ్లు తెల్లని మరకలా అలుక్కుపోతాయి. అంచులు, తోక, ముఖం ఏవీ తెలియని చిత్రానికి పేరు పెట్టకుండా వదిలేయడమే సరైన పని.

మన ఫొటోలోది అలుగని తేలింది కదా, దాన్ని ఊరిపేరుతో ఇంకొకరికి పంపకండి. పొలుసుల కోసం, మాంసం కోసం అలుగును వేటాడతారు. చిరుతను ఆపగలిగిన ఆ ఉండ మనిషి చేతికి చిక్కితే పారిపోదు, కరవదు, సంచిలో వేసుకుపోవడం తేలిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో ఉంది, వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఎదురుగా కనిపిస్తే ఉండను విప్పే ప్రయత్నం చేయకుండా దూరంగా నిలబడి, తోక కనిపించేలా పక్కనుంచి ఒక ఫొటో తీసి, అటవీశాఖ వాళ్లకు మాత్రమే పంపండి.