మిరుగం అంటే ఏంటి అమ్మమ్మా?

జూన్ మొదటి వారంలో తెలంగాణ పల్లెకు ఫోన్ చేస్తే మిరుగం ఊసు రాకుండా ఉండదు. నల్గొండ జిల్లాలో పత్తి సాగు చేసే ఒక పెద్దావిడకూ, మెల్‌బోర్న్‌లో ఆరో తరగతి చదివే ఆమె మనవరాలికీ మధ్య మాటలు అక్కడే మొదలయ్యాయి.

“అమ్మమ్మా, రేపు మిరుగం, చేపలు తేవాలని మామయ్యతో అన్నావు కదా. మిరుగం అంటే పండగా?”

“పండుగ కాదు బిడ్డా, కార్తె. మృగశిర కార్తెనే మేం మిరుగం అంటం.”

“కార్తె అంటే?”

“సూర్యుడు ఒక్కో చుక్క దగ్గర పదమూడు పద్నాలుగు రోజులుంటడు. ఉన్నన్ని రోజులు ఆ చుక్క పేరుతోనే కార్తె. ఇరవై ఏడు చుక్కలు తిరిగొస్తే ఏడాది అయితది.”

“నా నక్షత్రం రోహిణి అని అమ్మ చెప్పింది. అంటే నేను రోహిణి కార్తెలో పుట్టానా?”

“కాదు. నువ్వు పుట్టిన్నాడు చందమామ రోహిణి కాడ ఉన్నడు. ఆయన రోజుకో చుక్క మారుతడు. కార్తె సూర్యునిది.”

పెద్దవాళ్లు కూడా తికమకపడే చోటు ఇదే. జన్మనక్షత్రం, కార్తె రెండింటికీ పేర్లు అవే 27. లెక్క మాత్రం వేరు. తిథులు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. కార్తె సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది. అందుకే రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి. మహా అయితే ఒక రోజు అటూ ఇటూ. ఎండలూ వానలూ కూడా సూర్యుడి వెంటే కదా. గోడ మీద క్యాలెండర్ లేని కాలంలో రైతు దుక్కికీ విత్తుకీ తిథిని కాకుండా కార్తెను నమ్ముకోవడం ఎంతో తెలివైన పని.

“రోహిణిలో రోళ్లు పగులుతాయంటావు. నేనేమో స్వెటర్ వేసుకుని స్కూలుకి వెళ్తున్నాను అమ్మమ్మా!”

“సూర్యుడు మీకూ మాకూ ఒక్కడే. కార్తె అక్కడా అదే. ఎండ, వాన మాత్రం మా నేలకు చెప్పినయి.”

ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. కార్తెలో రెండు సంగతులున్నాయి. ఆకాశంలో సూర్యుడు ఉన్న చోటు ఒకటి, అది ప్రపంచమంతటికీ ఒకటే. ఆ రోజుల్లో మన నేల మీద ఏం జరుగుతుందన్న అనుభవం రెండోది. అది సముద్రం దాటి రాదు.

“మరి మిరుగం రాగానే విత్తనాలు వేసేస్తారా?”

“మిరుగం వచ్చిందని కాదు, నేల తడిసిందని పెట్టాలె. ఒకసారి ఒక్క వానకే పత్తి గింజలు పెట్టినం. మొలక తల ఎత్తినంక పది రోజులు చినుకు లేదు. ఎండిపోయింది. మళ్లా గింజలు కొన్నం, మళ్లా కూలి ఇచ్చినం.”

కార్తె తప్పేది ఇక్కడే. నైరుతి రుతుపవనాలు కేరళను మామూలుగా జూన్ 1కి తాకి, రెండో వారంలో తెలంగాణకు వస్తాయి. మృగశిర అప్పుడే కాబట్టి రెండింటికీ పొత్తు కుదిరింది. కానీ రుతుపవనం ఆలస్యమైన ఏడు కార్తె దాని కోసం ఆగదు. తొలి జల్లు పైమట్టిని మాత్రమే తడుపుతుంది. గింజ ఆ తడికి మొలుస్తుంది, వేరు దిగేసరికి కింద పొడి మట్టి తగులుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చేలో తవ్వి, పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తారు. ముద్ద కడితే తడి దిగినట్టు, పొడిపొడిగా రాలితే ఇంకో వాన కావాలి. ఆరుద్రలో ఎర్రటి మఖమల్ లాంటి పురుగులు చేలో తిరిగితే నేల బాగా నానిందని అమ్మమ్మ సంతోషం.

“అమ్మమ్మా, ఇప్పుడు రాత్రి రోహిణి చుక్క కనిపిస్తుందా?”

“సూర్యుడు ఆ దిక్కునే ఉన్నడు. వెలుగుల ఎట్ల కనపడతది? చలికాలంల చూడు.”

ఆమె చలికాలం ఆ పిల్లకు ఎండాకాలం. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో బాగా చీకటి పడ్డాక ఉత్తరం వైపు చూస్తే కృత్తికల గుంపు పక్కన కాస్త ఎర్రగా మెరిసే పెద్ద చుక్క రోహిణి. తెలుగునాట అదే నెలలో సాయంత్రం తూర్పున కనిపిస్తుంది.

విదేశాల్లో పిల్లలున్నవాళ్లు ఈ పని చేసి చూడండి. పంచాంగం తీసి, వాళ్ల పుట్టిన తేదీ ఏ కార్తెలో పడిందో చెప్పండి. ఆ కార్తెలో మీ ఊళ్లో ఏం విత్తేవారో, ఏం కోసేవారో కూడా కలిపి చెప్పండి.