చెక్‌లిస్ట్‌కు సరే అనేముందు

విదేశం నుంచి సరుకు తెప్పించుకునే వ్యాపారికి కస్టమ్స్ బ్రోకర్ ముందుగా ఒక చెక్‌లిస్ట్ పంపుతాడు. కస్టమ్స్‌కు దాఖలు చేయబోయే బిల్ ఆఫ్ ఎంట్రీకి అది ముసాయిదా. చాలామంది మొత్తం సుంకం ఎంతో చూసి సరే అనేస్తారు. అసలు చూడాల్సింది ఆ సుంకం ఏ విలువ మీద లెక్కకట్టారన్నది.

మన దేశంలో సుంకం ఇన్‌వాయిస్ ధర ఒక్కదాని మీదే పడదు. దానికి ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద పడుతుంది. అందుకే ఇన్‌వాయిస్‌లో ధర పక్కన ఎఫ్‌ఓబీ అని ఉందా, సీఐఎఫ్ అని ఉందా అన్నది ముందు చూడాలి. ఎఫ్‌ఓబీ ధరలో కిరాయి, బీమా ఉండవు. సీఐఎఫ్ ధరలో రెండూ ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడ వ్యాపారి చైనా నుంచి విశాఖ రేవుకు యంత్ర భాగాలు తెప్పించాడనుకుందాం. ఇన్‌వాయిస్ ఎఫ్‌ఓబీ 10,000 డాలర్లు. ఓడ కిరాయి 800 డాలర్లు. కిరాయి బిల్లు బ్రోకర్‌కు అందకపోతే, 2007 నాటి విలువ నిర్ధారణ నిబంధనల ప్రకారం ఎఫ్‌ఓబీలో 20 శాతం, అంటే 2,000 డాలర్లు కిరాయిగా కలుపుతారు. విలువ 1,200 డాలర్లు అనవసరంగా పెరుగుతుంది. ప్రాథమిక సుంకం 7.5 శాతం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జి అయితే, అదనపు భారం 99 డాలర్లు. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది కానీ, ఈ 99 డాలర్లు రావు. బీమా పత్రం లేకపోయినా ఇంతే: ఎఫ్‌ఓబీలో 1.125 శాతం కలుపుతారు. ఇక సీఐఎఫ్ ఇన్‌వాయిస్‌ను ఎఫ్‌ఓబీగా నమోదు చేస్తే కిరాయి రెండోసారి పడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి బిల్ ఆఫ్ లేడింగ్ పనికొస్తుంది. అందులో కిరాయి ముందే చెల్లించారా, దిగుమతిదారు చెల్లించాలా అన్నది రాసి ఉంటుంది. ఇన్‌వాయిస్ ఎఫ్‌ఓబీ అయివుండి, బిల్ ఆఫ్ లేడింగ్‌లో ‘ఫ్రైట్ ప్రీపెయిడ్’ అని కనిపిస్తే ఆగి, ఎవరు కట్టారో అమ్మకందారును అడగండి.

అదే కాగితంలో కన్‌సైనీ పేరు, కంటైనర్ నంబరు, ప్యాకేజీల సంఖ్య, స్థూల బరువు కూడా చూడాలి. ఓడ కంపెనీ కస్టమ్స్‌కు ఇచ్చే సరుకు జాబితాలోకి ఈ వివరాలే వెళ్తాయి. ప్యాకింగ్ లిస్టులో 120 అట్టపెట్టెలు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో 12 ప్యాలెట్లు అని ఉంటే రెండూ నిజమే కావచ్చు. కానీ బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏ సంఖ్య వేయాలో ముందే తేల్చుకోవాలి. తేడా వస్తే జాబితా సవరణ దాకా సరుకు రేవులోనే ఆగిపోవచ్చు, ఆ రోజుల అద్దె మీ మీద పడుతుంది.

చివరగా మీ జీఎస్టీ నంబరు. అది తప్పుపడితే ఐజీఎస్టీ క్రెడిట్ మీ ఖాతాలో కనిపించదు. దాఖలయ్యాక కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరవచ్చు కానీ, దానికి అధికారి అనుమతి కావాలి. కాబట్టి ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, చెక్‌లిస్ట్ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాకే బ్రోకర్‌కు సరే చెప్పండి.