పందెం ఎంత కాయాలి? కెల్లీ లెక్క, అందులో సగం

కంప్యూటర్ తెర మీద ఒక నాణెం. బొమ్మ పడే అవకాశం నూటికి 60 అని ముందే చెప్పేశారు. మీ చేతికి 25 డాలర్లు ఇచ్చి అరగంట సమయం ఇచ్చారు. ప్రతిసారీ ఎంత కాయాలో మీ ఇష్టం. గెలిస్తే కాసినంత వస్తుంది, ఓడితే కాసినంత పోతుంది. విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ అనే ఇద్దరు 61 మందితో ఈ ఆట ఆడించి, ఫలితాలను 2016లో బయటపెట్టారు. ఆడినవాళ్లలో ఎక్కువమంది ఆర్థికశాస్త్రం, ఫైనాన్స్ చదివే విద్యార్థులు, ఆ రంగంలో ఉద్యోగం చేస్తున్న కుర్రవాళ్లు. అయినా నూటికి 28 మంది దివాలా తీశారు. గరిష్ఠ బహుమతి 250 డాలర్ల దాకా వెళ్లినవాళ్లు 21 శాతమే.

నాణెం వాళ్ల పక్షానే ఉంది. చాలామందిని ముంచింది పందెం పరిమాణం. దీనికి సమాధానం 1956లోనే ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జాన్ కెల్లీ టెలిఫోన్ తీగల్లో సమాచారం ఎలా ప్రవహిస్తుందనే పరిశోధనలో భాగంగా రాసిన వ్యాసమది. (కంప్యూటర్ చేత మొదటిసారి పాట పాడించినవాళ్లలోనూ ఆయన ఒకరు. ఆ సంగతి ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది.) గెలిస్తే కాసినంతే వచ్చే ఆటల్లో ఆయన సూత్రం చాలా చిన్నది. గెలిచే శాతంలోంచి ఓడే శాతం తీసేయండి. మిగిలినదే, చేతిలో ఉన్న డబ్బులో మీరు కాయవలసిన వాటా. మన నాణేనికి 60లోంచి 40 పోతే 20. అంటే ప్రతిసారీ, ఆ క్షణాన ఉన్న సొమ్ములో ఐదో వంతు. సొమ్ము పెరిగితే పందెం పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది.

గెలిచే అవకాశం ఎక్కువే కదా, ఇంకాస్త ఎక్కువ కాస్తే ఏం పోతుంది? ఇక్కడే కీలకం ఉంది. వంద రూపాయల్లో పదోవంతు చొప్పున కాసి ఒకసారి గెలిచి, ఒకసారి ఓడారనుకోండి. వంద 110 అవుతుంది, అందులో పదోవంతు పోయి 99కి వస్తుంది. ఒక రూపాయి నష్టం. ఐదో వంతు చొప్పున కాస్తే 120 అయి 96కి దిగుతుంది, నష్టం నాలుగు రూపాయలు. నలభై శాతం కాస్తే 140 అయి 84కి, నష్టం పదహారు. పందెం రెట్టింపైన ప్రతిసారీ ఈ ఎగుడుదిగుడు ఖర్చు నాలుగింతలవుతోంది. నాణెం మొగ్గు వల్ల వచ్చే లాభం మాత్రం రెట్టింపే అవుతుంది. అందుకే పందెం పెంచుతూ పోతే మొదట లాభం పెరుగుతుంది, ఒకచోట శిఖరం తాకుతుంది, ఆ తర్వాత పడిపోతుంది. కెల్లీ చెప్పిన 20 శాతం ఆ శిఖరం. దాదాపు దానికి రెట్టింపు దగ్గర లాభమంతా హరించుకుపోతుంది.

పదివేల రూపాయలతో మొదలుపెట్టి వందసార్లు ఆడితే, అందులో సరిగ్గా 60 గెలిస్తే? ప్రతిసారీ 20 శాతం కాసినవాడి చేతిలో సుమారు 75 వేలు ఉంటాయి. 10 శాతం కాసినవాడికి 45 వేలు. 40 శాతం కాసిన ధైర్యవంతుడికి అసలే తరిగి 7,800 మిగులుతాయి. అన్నీ అనుకున్నట్టే జరిగిన రోజున, మొగ్గు తన పక్షాన ఉండగా, అతనికి నష్టం!

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కెల్లీ తన వ్యాసంలో ఊహించుకున్న జూదరికి పందేల ఫలితాలు ఒక రహస్య తీగ మీద ముందే అందుతుంటాయి. ఆ తీగలో గరగర ఉంటుంది కనుక కొన్నిసార్లు కబురు తప్పుగా చేరుతుంది. ఎన్నిసార్లు తప్పుతుందో మాత్రం అతనికి కచ్చితంగా తెలుసు. బయట మనకు ఆ అదృష్టం లేదు. షేర్లలోనైనా, పేకాటలోనైనా గెలిచే శాతం ఇంత అని ఎవరూ చెప్పరు. పాత లెక్కలు చూసి మనమే అంచనా కట్టుకోవాలి.

ఆ అంచనా ఎంత వదులుగా ఉంటుందో చూడండి. ఒక నాణేన్ని వందసార్లు ఎగరేస్తే 60సార్లు బొమ్మ పడింది. అది నిజంగా 60 శాతం నాణేమేనా? 55 శాతం నాణెం కూడా వందలో 60 లేదా అంతకు మించి బొమ్మలు చూపించడం ఐదారు ప్రయత్నాలకు ఒకసారి జరిగే సంగతే. పైగా మనకు మొగ్గు కనిపించిన చోటే పందెం కాస్తాం. ఇరవై రకాల పద్ధతులను పాత ధరల మీద పరీక్షించి, అన్నిటికన్నా మెరిసినదాన్ని ఎంచుకునేవాడు, ఆ మెరుపులో అదృష్టం వాటాను కూడా కలుపుకునే ఎంచుకుంటాడు. అందుకే మన అంచనాల తప్పు ఎక్కువగా ఒకే వైపుకు ఉంటుంది: ఉన్నదానికన్నా గొప్పగా.

ఇప్పుడు 60 అనుకున్న నాణెం నిజానికి 55 అనుకుందాం. 55 గెలిచి 45 ఓడితే, 20 శాతం కాసినవాడి పదివేలు 9,860 అవుతాయి. వంద ఆటలు ఆడి వీసమెత్తు లాభం లేదు. 10 శాతం కాసినవాడికి మాత్రం 16,500. ఎందుకంటే 55 నాణేనికి అసలైన కెల్లీ లెక్క 55లోంచి 45 పోగా 10 శాతమే. అతను తెలియకుండానే శిఖరం మీద ఉన్నాడు. మొదటివాడేమో తెలియకుండానే రెట్టింపు కాస్తూ లోయ అంచున ఉన్నాడు.

కెల్లీ చెప్పినదాంట్లో సగమో, పావో కాయడాన్ని సగం కెల్లీ, పావు కెల్లీ అంటారు. సగం కెల్లీకి ధర లేకపోలేదు. మన అంచనా సరైనదైతే వృద్ధి రేటు పూర్తి కెల్లీలో ముప్పాతిక వంతే వస్తుంది. ముప్పాతిక అంటే చిన్న కోతలా వినిపిస్తుంది గానీ, పైన చూసిన 75 వేలకూ 45 వేలకూ ఉన్న తేడా అదే. అది తక్కువని నేననను. బదులుగా దక్కేది రెండు రకాల రక్షణ. ఒకటి, అంచనా తప్పినా శిఖరం దాటి అవతలికి జారిపోకపోవడం. రెండోది మనసుకు సంబంధించినది. పందేలు చిన్నవై, ఆట ఎప్పటికీ సాగితే, పూర్తి కెల్లీ ఆడేవాడి సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టిన దాంట్లో సగానికి పడిపోయే అవకాశం సుమారు రెండింట ఒకటి. అంచనా సరైనదైనా సరే. సగం కెల్లీలో అది ఎనిమిదింట ఒకటి. సగం డబ్బు పోయాక కూడా అదే లెక్కను పట్టుకుని వేలాడగలిగినవాళ్లు ఎందరు? బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టి క్యాసినోలను ఓడించవచ్చని 1962లో పుస్తకం రాసిన ఎడ్వర్డ్ థార్ప్, కెల్లీ సూత్రాన్ని పేకబల్ల నుంచి షేర్ మార్కెట్ దాకా తీసుకెళ్లినవాడు. పూర్తి వాటా కన్నా తక్కువ కాయడమే మేలని ఆయన కూడా రాశాడు.

అయితే సగం కెల్లీ లేని మొగ్గును తెచ్చిపెట్టదు. 60 అనుకున్న నాణెం నిజానికి 50-50 అయితే, వంద ఆటల తర్వాత పూర్తి కెల్లీవాడి పదివేలు 1,300కి, సగం కెల్లీవాడివి 6,050కి దిగుతాయి. ఇద్దరూ ఓడినట్టే, ఒకడు నెమ్మదిగా. ఇక నిర్వాహకుడు ప్రతి పందెంలోనూ తన వాటా తీసుకునే ఆటల్లో మీకు ప్రత్యేకమైన మొగ్గు లేకపోతే, సూత్రం సున్నాకన్నా తక్కువ సంఖ్యనే చూపిస్తుంది. అంటే అసలు కాయవద్దని.

అందుకని ప్రతి పందెం రాసిపెట్టుకోవాలి: కాసేముందు అనుకున్న శాతం, తర్వాత వచ్చిన ఫలితం. 60కీ 55కీ తేడా ఓ మాదిరి నమ్మకంతో తేలాలన్నా ఒకే రకం పందేలు నాలుగు వందల దాకా కావాలి. అవి పోగయ్యేదాకా సగమైనా ఎక్కువే కావచ్చు. పావుతో మొదలుపెట్టి, పుస్తకంలోని లెక్క అంచనాను నిలబెడుతున్న కొద్దీ పెంచుకోవచ్చు.