కూకట్‌పల్లి నుంచి మెల్‌బోర్న్‌కు ఇంటి సామాను

కుటుంబమంతా ఆస్ట్రేలియాకు మకాం మారుస్తున్నప్పుడు సామాను ఓడలో పంపాలా, విమానంలో పంపాలా అని అందరూ మొదట ఆలోచిస్తారు. అది కాగితం మీద పది నిమిషాల్లో తేలిపోయే లెక్క. పెట్టెల్లో ఏం పెడుతున్నామన్నదే అసలు చిక్కు. ముఖ్యంగా మన వంటింటి సామాను విషయంలో ఆ దేశం చాలా కచ్చితంగా ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. కూకట్‌పల్లి నుంచి మెల్‌బోర్న్ వెళ్లే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భార్య, భర్త, బడికెళ్లే పాప. 60 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 40 ఎత్తు ఉన్న అట్టపెట్టెలు 25 తయారయ్యాయి. విమాన కార్గోలో పెట్టె కొలతలు మూడింటినీ హెచ్చవేసి 6000తో భాగిస్తారు. వచ్చిన అంకెకూ, అసలు తూకానికీ ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. ఈ పెట్టెకు ఆ అంకె 20 కిలోలు. అందులో దుప్పట్లు, దిండ్లు పెడితే కాటా మీద 6 కిలోలే తూగినా 20 కిలోలకు కట్టాలి. అదే పెట్టెలో పుస్తకాలు నింపి 30 కిలోలైతే 30కి కట్టాలి. అంటే విమానంలో తేలికైన సామానుకు దాని పరిమాణం, బరువైన సామానుకు దాని తూకం భారమవుతాయి.

ఓడలో ఇంటి సామానుకు చూసేది అది ఆక్రమించే చోటునే. ఘనపు మీటరుకు ఇంత అని ధర చెబుతారు. ఏజెంట్లు దీన్ని సీబీఎం అంటారు. మన 25 పెట్టెలు కలిపి 3 సీబీఎం. విమానంలోనైతే ఇవే పెట్టెలకు కనీసం 500 కిలోల చార్జీ పడుతుంది. అందుకే పుస్తకాలు, ఇత్తడి గిన్నెలు, రాతి గ్రైండర్ లాంటివి ఓడలో వెళ్లాలి. వెళ్లిన వారంలోనే కావాల్సిన చలి దుస్తులు, పాప చదువు సామాను ఒకటి రెండు పెట్టెల్లో విమానంలో పంపితే చాలు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం ఆ పెట్టెల్లో పెట్టకండి. పవర్ బ్యాంకును విమానంలో మీ చేతిసంచిలోనే తీసుకెళ్లాలి.

గ్రైండర్, మిక్సీ తీసుకెళ్లడం దండగ కాదు. ఆస్ట్రేలియాలోనూ కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటే మారుతుంది. అమెరికా వెళ్లేవారికి ఈ సౌకర్యం లేదు. సోఫాలు, మంచాలు, ఫ్రిజ్ మాత్రం ఇక్కడే అమ్మేయడం మేలని నా అభిప్రాయం. అవి పెట్టెల కంటే ఎక్కువ చోటు తింటాయి, చెక్క సామానుతో తనిఖీల బెడద కూడా ఉంటుంది.

3 సీబీఎంకు ఎవరూ కంటైనర్ మొత్తం తీసుకోరు. 20 అడుగుల కంటైనర్‌లో 30 సీబీఎంకు పైగా చోటుంటుంది కాబట్టి మీ పెట్టెలు నలుగురి సామానుతో కలిసి వెళతాయి. హైదరాబాద్‌కు సముద్రం లేదు గనక ముందు చెన్నైకో, ముంబయి దగ్గరి నవా శేవా రేవుకో చేరాలి. తరచూ సింగపూర్ లాంటి చోట ఓడ మారాలి. కంటైనర్ నిండేదాకా ఆగడం, అవతల తనిఖీ కలుపుకుంటే రెండు మూడు నెలలు పడుతుందని అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి. పక్కవారి సామానులో తేడా వస్తే కంటైనర్ మొత్తం ఆగిపోవచ్చు.

ధర మాట్లాడేటప్పుడు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒకరు సీబీఎంకు చాలా తక్కువ చెబుతారు. అది మెల్‌బోర్న్ రేవు వరకే అన్న సంగతి సామాను చేరాక గాని తెలియదు. కంటైనర్ విప్పే డిపో రుసుము, తనిఖీ రుసుము, ఇంటికి చేర్చే ఖర్చు అన్నీ అక్కడ విడిగా కట్టాల్సి వస్తుంది. ఆలస్యమైతే నిల్వ రుసుము రోజురోజుకూ పెరుగుతుంది. అందుకే అవతలి ఖర్చులన్నీ విడివిడిగా రాసిచ్చిన కాగితం చూశాకే ధరలు పోల్చండి.

ఇక జాబితా. ప్రతి పెట్టెకూ ఒక నంబరు వేసి, అందులోని వస్తువులు, ఎన్ని, సుమారు విలువ, కొత్తవా వాడినవా అన్నీ రాయాలి. ‘వంటింటి సామాను, ఇతరములు’ అని రాసిన పెట్టె తనిఖీ అధికారి దృష్టిలో ముందు పడుతుంది. ‘స్టీలు గిన్నెలు 12, ప్రెషర్ కుక్కర్ 1, ఇడ్లీ పాత్ర 1’ అని రాస్తే అనుమానానికి తావు తక్కువ. వచ్చేముందు కనీసం 12 నెలలు మీ సొంతంగా ఉండి, మీరు వాడిన వస్తువులకు అక్కడ సుంకం ఉండదు. ప్రయాణానికి నెల ముందు కొన్న టీవీకి ఆ మినహాయింపు వర్తించదు. దానికి సుంకం, అక్కడి 10 శాతం జీఎస్టీ పడవచ్చు. ఇదే జాబితా బీమాకూ ఆధారం. ఇంట్లోవాళ్లే సర్దిన పెట్టెలో గాజుసామాను పగిలితే చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు. పగిలేవాటిని ప్యాకర్ల చేతే కట్టించండి.

ఆస్ట్రేలియా కస్టమ్స్‌తో పాటు జీవభద్రత అధికారులు కూడా ఈ జాబితాను చూస్తారు. వారిని ఎక్కువగా భయపెట్టేది ధాన్యానికి పట్టే ఖప్రా పురుగు. పెద్దదైనా రెండు మూడు మిల్లీమీటర్లే. దాని లార్వాలు గోనెసంచి పోగుల్లో, చెక్క పగుళ్లలో దాక్కుని తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలవు. మన దేశంలో ఇది ఎప్పటినుంచో ఉంది, ఆస్ట్రేలియాలో స్థిరపడలేదు. అది అడుగుపెడితే గోధుమ ఎగుమతులకు ముప్పు. 2020లో అక్కడికి దిగుమతైన ఫ్రిజ్‌లతో పాటు ఈ పురుగు బయటపడింది. అదే ఏడాది నుంచి, ఇలా విడిగా పంపే ఇంటి సామానులో బియ్యం, కందిపప్పు, మినపప్పు, పెసలు, శనగలు, వేరుశనగ గింజలు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు రాకుండా నిషేధించారు. ఒక్కమాటలో మన పోపులపెట్టె మొత్తం అన్నమాట. ఇవన్నీ మెల్‌బోర్న్‌లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి.

గింజలు పెట్టకపోయినా అవి ఉన్న చోటు ప్రమాదమే. బియ్యం సంచిని దుప్పట్లకు చుట్టకండి. మామిడిపండ్ల పెట్టెల్లో, కోడిగుడ్ల అట్టల్లో సామాను సర్దకండి. గడ్డి వాడకండి. డబ్బాలు కడిగి, బాగా ఆరబెట్టండి. గ్రైండర్ మూలల్లో పిండి లేకుండా బ్రష్‌తో రుద్దండి. చెప్పుల అడుగుల్లో, పాప సైకిలు చక్రాలకు మట్టి కనిపించకూడదు. చెక్క పీటలు, కొండపల్లి బొమ్మలు పంపేముందు వెలుతురులో తిప్పి చూడండి. సూదిమొనంత రంధ్రం, దానికింద సన్నటి పొడి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. అలాంటి వస్తువును అక్కడ శుద్ధి చేయించినా, తిప్పి పంపినా, నాశనం చేసినా ఖర్చు మీదే.

మన వైపు కూడా ఒక చట్టం గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలను, 75 ఏళ్లు దాటిన చారిత్రక, సాహిత్య విలువగల రాతప్రతులను దేశం దాటించకూడదు. తాతల నాటి దేవుడి విగ్రహం, తాళపత్రాలు ఉంటే, అవి పురావస్తువులు కావని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. లేదా బంధువుల ఇంట్లో ఉంచాలి.

చివరగా మీరు నింపే పత్రం B534. విడిగా వచ్చే ఇంటి సామాను గురించి ఆస్ట్రేలియా ప్రభుత్వానికి మీరిచ్చే వాంగ్మూలం అది. ఆహారం, చెక్క, మొక్కలకు సంబంధించినవి, మట్టి అంటినవి ఉన్నాయా అని అందులో అడుగుతారు. అనుమానం ఉంటే ఉన్నాయనే రాయండి. రాస్తే తనిఖీ చేస్తారు. ఉండి కూడా లేవని రాస్తే జరిమానా దాకా వెళ్లవచ్చు. ఏజెంటు నింపి పంపిన పత్రమైనా సరే, ప్రతి ప్రశ్నా మీరే చదివి సంతకం చేయండి. అబద్ధం తేలితే జవాబు చెప్పుకోవాల్సింది ఏజెంటు కాదు, సంతకం చేసిన మీరే.