ఎనిమిదో సర్వర్‌ సంగతి ఎవరూ అడగలేదు

2012 ఆగస్టు 1, ఉదయం 9:30. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తెరుచుకున్న క్షణం నుంచే నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజ్ సంస్థ కంప్యూటర్లు ఎవరూ అడగని షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టాయి. కస్టమర్ల నుంచి వచ్చినవి 212 చిన్న ఆర్డర్లు. వాటిని పూర్తి చేసే పనిలో ఆ సిస్టమ్ 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపింది. చివరికి తేలిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. ఏడాది తిరిగేలోపే ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

డెవాప్స్‌ను ఎలెక్టివ్‌గా తీసుకున్న మేనేజ్‌మెంట్ విద్యార్థులు జెంకిన్స్, డాకర్ లాంటి పేర్లతో మొదలుపెట్టి అక్కడే అలసిపోతుంటారు. ప్రాజెక్ట్ మేనేజర్ కావలసినవారికి ఆ టూల్స్ కన్నా ఈ 45 నిమిషాలే ఎక్కువ నేర్పుతాయి. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు ఉంది.

ఆగస్టు 1న ఎక్స్ఛేంజ్ ఒక కొత్త పథకం ప్రారంభిస్తోంది. అందులో పాల్గొనడానికి నైట్ సంస్థ ఆర్డర్లు పంపే తన సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్ పెట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఎనిమిది సర్వర్ల మీద నడుస్తుంది. జులై 27 నుంచి ఒక టెక్నీషియన్ కొత్త కోడ్‌ను విడతలుగా సర్వర్లలోకి ఎక్కించాడు. ఏడింటిలోకి వెళ్లింది, ఎనిమిదో దానిలోకి వెళ్లలేదు. రెండో మనిషి ఒకరు సరిచూడాలన్న నియమం రాతపూర్వకంగా లేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

ఒక సర్వర్‌లో పాత కోడ్ మిగిలిపోతే కొత్త సదుపాయం అక్కడ పనిచేయకపోవడమే కదా జరగాలి? ఇంత నష్టం ఎందుకొచ్చింది? ఆ పాత కోడ్‌లో ‘పవర్ పెగ్’ అనే ఫంక్షన్ ఒకటి ఉంది. 2003 నుంచి దాన్ని వాడటం లేదు, కానీ తీసేయనూ లేదు. కొత్త కోడ్ రాసినవాళ్లు దాన్ని నడిపే ఫ్లాగ్‌నే, అంటే ఆన్-ఆఫ్ గుర్తునే, కొత్త పనికి వాడుకున్నారు. ఫ్లాగ్‌తో వచ్చిన ఆర్డర్‌ను ఏడు సర్వర్లు కొత్త పద్ధతిలో చూశాయి. ఎనిమిదోది తొమ్మిదేళ్లుగా పడుకున్న పవర్ పెగ్‌ను లేపింది. ఎన్ని షేర్లు వచ్చాయో లెక్కపెట్టి ఇక ఆపమని చెప్పే భాగాన్ని 2005లోనే అక్కడి నుంచి వేరే చోటికి మార్చారు. ఆ మార్పు తర్వాత పవర్ పెగ్ సరిగా నడుస్తోందో లేదో మళ్లీ పరీక్షించలేదు. ‘చాలు’ అనేవాడు లేని విందులో వడ్డన లాగా ఆర్డర్లు పోతూనే ఉన్నాయి.

ఇప్పుడు పైప్‌లైన్ అంటే ఏమిటో చెప్పుకోవచ్చు. ప్రోగ్రామర్ తన మార్పును అందరి ఉమ్మడి కోడ్‌లో కలిపిన వెంటనే యంత్రమే దాన్ని బిల్డ్ చేస్తుంది, పరీక్షలు నడుపుతుంది, తప్పితే అక్కడే ఆపి అందరికీ చెబుతుంది. ఇలా వారాల తరబడి దాచుకోకుండా కనీసం రోజుకోసారి కలిపి పరీక్షించడమే కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్. పరీక్షలు దాటిన బిల్డ్‌ను ఏ క్షణమైనా కస్టమర్ల ముందుకు పంపగలిగేలా ఉంచడం కంటిన్యూయస్ డెలివరీ. పంపాలా వద్దా అన్న చివరి బటన్ మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ బటన్ కూడా తీసేసి పరీక్షలు దాటిన ప్రతి మార్పునూ నేరుగా పంపేస్తే అది కంటిన్యూయస్ డిప్లాయ్‌మెంట్. మొదటి రెండూ దాదాపు ప్రతి ప్రాజెక్టుకూ కావాలి. మూడోది అందరికీ అక్కర్లేదు.

నైట్ కథలో మేనేజర్ గట్టిగా పట్టుకోవలసిన మాట ‘డిప్లాయ్‌మెంట్ పూర్తయింది’ అన్నది. స్టేటస్ షీట్‌లో ఆ గడిని పచ్చగా మార్చేది చాలాచోట్ల ఒక మనిషి చెప్పిన మాటే. పైప్‌లైన్ సరిగా కట్టినచోట ఆ మాట చెప్పాల్సింది యంత్రం. ఒకసారి తయారైన బిల్డ్‌కు ఒక నంబరు ఉంటుంది. టెస్ట్ సర్వర్లకైనా, ప్రొడక్షన్‌కైనా వెళ్లేది అదే బిల్డ్, దారిలో ఎవరూ మళ్లీ తయారు చేయకూడదు. ఎక్కించాక పైప్‌లైన్ ప్రతి సర్వర్‌నూ ‘నీలో నడుస్తున్నది ఏ నంబరు?’ అని అడుగుతుంది. ఎనిమిదింటిలో ఏడే సరైన జవాబిస్తే ఆ దశ ఎర్రబడుతుంది, కొత్త ఫ్లాగ్‌ను ఆన్ చేయనివ్వదు. ఇది రాయడానికి గొప్ప టెక్నాలజీ అక్కర్లేదు. అడిగేవాడు కావాలి, ఆ అడగడం మేనేజర్ పనే.

అయితే పైప్‌లైన్ ఉంటే అన్నీ పట్టుకునేదన్నది అతిశయోక్తి. అది ఉన్న పరీక్షలనే నడుపుతుంది, లేని పరీక్షను కనిపెట్టలేదు. వాడని కోడ్‌కు ఎవరూ పరీక్ష రాయరు కాబట్టి పవర్ పెగ్ దాని కంటపడకపోవచ్చు. పాత ఫ్లాగ్‌ను మళ్లీ వాడటం తప్పని చెప్పాల్సింది కోడ్ చదివే మనిషి. పాత కోడ్ తీసేయడానికి స్ప్రింట్‌లో సమయం అడిగితే ‘కస్టమర్‌కు కనిపించని పని’ అని వెనక్కి నెట్టే మేనేజర్లు తొమ్మిదేళ్లు దాచిన ఈ ఫంక్షన్ ఖరీదెంతో చూసుకోవాలి.

ఆ ఉదయం హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. 8:01 ప్రాంతంలో మొదలై మార్కెట్ తెరిచేలోపు పవర్ పెగ్ పేరుతో తప్పును చెబుతూ 97 ఆటోమేటిక్ మెయిళ్లు ఉద్యోగులకు వెళ్లాయి. అవి అలర్టులుగా రూపొందించినవి కావు, సాధారణంగా వాటిని ఎవరూ చదివేవారు కారు. రోజూ వందలాది మెయిళ్లు పంపే ఏ సిస్టమ్‌కైనా ఇదే గతి. పైప్‌లైన్ పంపే ప్రతి ఎర్ర సందేశానికీ దాన్ని అందుకోవలసిన మనిషి పేరు ముందే రాసి ఉండాలి. పేరు లేని సందేశాన్ని ఆపేయడమే నయం.

అన్నిటికన్నా విచారం కలిగించేది ఆ తర్వాతి ఘట్టం. ఏదో తేడా జరుగుతోందని గ్రహించాక, తప్పు కొత్త కోడ్‌లోనే ఉందనుకుని, సరిగా పనిచేస్తున్న ఆ ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. కానీ ఫ్లాగ్ ఉన్న ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. దాంతో ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ నిద్రలేచింది. రోల్‌బ్యాక్ అంటే పాత వెర్షన్‌కు వెళ్లడమే అనుకుంటే ఇలాగే ఉంటుంది. కోడ్, ఫ్లాగ్, డేటాబేస్ మూడూ కలిసి వెనక్కి రావాలి, లేదా ముందుగా ఫ్లాగ్ ఆపాలి. ఏది ముందన్నది గందరగోళం మధ్య తేల్చుకునే విషయం కాదు. దీనికే చాలా జట్లు కొత్త వెర్షన్‌ను మొదట ఒక్క సర్వర్‌లో పెట్టి, కొద్దిపాటి ట్రాఫిక్ పంపి, అంకెలు చూశాక మిగతావాటికి పాకిస్తాయి. దీన్ని క్యానరీ రిలీజ్ అంటారు. తేడా వస్తే వెనక్కి తేవాల్సింది ఒక్కదాన్నే.

హైదరాబాద్‌లో రిలీజ్ ఉన్న శనివారం రాత్రి ఇంటికి రాని పిల్లల సంగతి చాలా ఇళ్లకు తెలుసు. ఆ రాత్రి ప్లాన్‌లో ఎక్కించే అడుగులు నలభై ఉంటే, వెనక్కి తెచ్చే అడుగులు ‘అవసరమైతే రోల్‌బ్యాక్’ అన్న ఒక్క వరుసలో ఉంటాయి. ఆ వరుసను విడదీసి, ఏది ముందు ఆపాలో, నిర్ణయం ఎవరిదో, ఎన్ని నిమిషాల్లో పూర్తవ్వాలో రాయించి, స్టేజింగ్ సర్వర్ల మీద ఒకసారి నిజంగా చేయించాలి. అందుకు పట్టే ఒక పూట ప్రాజెక్ట్ షెడ్యూల్‌లో మిగతా పనుల్లాగే తేదీతో సహా ఉండాలి.