పాత బిల్లింగ్‌ను వదలని కౌంటర్

మందుల హోల్‌సేల్ దుకాణం ఒకటి అనుకుందాం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ నమోదు కావు. కొత్తది కొన్నారు, శిక్షణ ఇప్పించారు. అయినా సిబ్బంది పాతదాన్నే తెరుస్తున్నారు.

మార్పుకు ఎనిమిది మెట్లు చెప్పిన హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ కాటర్ లెక్కలో శిక్షణ మొదటి మెట్టు కాదు. ముందు అవసరం తెలియాలి. గడువు దాటి వెనక్కి వచ్చిన సరుకు విలువెంతో యజమాని సిబ్బందికి బిల్లులతో సహా చూపించాలి. రెండో మెట్టు, ముందుండి నడిపే జట్టు. అందులో మేనేజరొక్కడే ఉంటే చాలదు. అందరూ సందేహాలు అడిగే సీనియర్ బిల్లింగ్ గుమస్తా ఉండాలి, అతను సణిగేవాడైనా సరే. సణుగుడులో తరచూ అసలు సమాచారం ఉంటుంది: కొత్త స్క్రీన్‌లో మౌస్ పట్టక తప్పదు, రద్దీ వేళ క్యూ ఆగిపోతుంది. కీబోర్డ్ షార్ట్‌కట్‌లు పెట్టించడమే ఇక్కడ అడ్డంకి తీయడం, అంటే అయిదో మెట్టు.

తర్వాత చిన్న గెలుపు. ముందు ఒక్క కౌంటర్‌నే మార్చి, నెలాఖరు జీఎస్టీ లెక్క అక్కడ త్వరగా తేలితే అందరికీ చూపించాలి. అయితే అప్పుడే పండగ చేసుకోవద్దంటాడు కాటర్. కౌంటర్ కింద ఇంకా చేతిరాత పుస్తకం నడుస్తుంటే మార్పు పూర్తికానట్టే. నిల్వల లెక్క సరిపోయాక, తేదీ ప్రకటించి, పాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త బిల్లు కొట్టే వీలు తీసేయండి. పాత బిల్లులు చూసే వీలు మాత్రం ఉంచండి.